గుంపు ఎటువైపు? ఎనిమిది గంటల వడ్డీ చెబుతుంది

మన గడియారం ప్రకారం రోజూ ఉదయం అయిదున్నరకు, మధ్యాహ్నం ఒకటిన్నరకు, రాత్రి తొమ్మిదిన్నరకు క్రిప్టో మార్కెట్లో డబ్బు చేతులు మారుతుంది. బైనాన్స్ లాంటి పెద్ద ఎక్స్ఛేంజీల్లో బిట్‌కాయిన్ పర్పెచువల్ ఫ్యూచర్స్ పట్టుకుని ఉన్న ఖాతాల్లో కొన్నింటి నుంచి కొంత సొమ్ము పోతుంది, ఆ సొమ్మే మరికొన్నింటిలో పడుతుంది. ధర పెరుగుతుందని లాంగ్ తీసుకున్నవాళ్లు, తగ్గుతుందని షార్ట్ చేసినవాళ్లకు ఇస్తారు. కొన్నాళ్లు ఇది తిరగబడి, షార్టులే లాంగులకు ఇచ్చుకుంటారు. ఎక్స్ఛేంజీ ఇందులో వాటా తీసుకోదు. ఆ మూడు వేళల్లో ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పే అంకె పేరు ఫండింగ్ రేటు.

ఈ అంకె ఎవరైనా చూడొచ్చు, దాచిపెట్టేదేమీ లేదు. అయినా దాన్ని తప్పుగా చదివేవాళ్లే ఎక్కువ. 'ఫండింగ్ పాజిటివ్‌గా ఉంది, కాబట్టి ధర పెరుగుతుంది' అని కొందరు, 'ఫండింగ్ బాగా ఎక్కింది, కాబట్టి రేపే పడుతుంది' అని కొందరు తేల్చేస్తుంటారు. రెండూ సరికాదు. రేపటి ధర గురించి ఈ అంకెకు తెలిసింది తక్కువ. అప్పు చేసి పందెం కాసినవాళ్లు ఏ పక్కన కిక్కిరిసి ఉన్నారో, అక్కడ నిలబడటానికి ఎంత చెల్లించుకుంటున్నారో మాత్రం అది స్పష్టంగా చెబుతుంది. అంతవరకే దాన్ని నమ్మాలి.

గడువు లేని ఫ్యూచర్స్‌కు పగ్గం

నిఫ్టీ ఫ్యూచర్స్ తెలిసినవాళ్లకు ఎక్స్‌పైరీ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. నెల మధ్యలో ఫ్యూచర్స్ ధర అసలు నిఫ్టీ కంటే కొంత ఎక్కువగానో తక్కువగానో ఉండొచ్చు. ఎక్స్‌పైరీ రోజున లెక్క తేల్చేది అసలు సూచీ ధర ప్రకారమే కనుక, గడువు దగ్గరపడేకొద్దీ రెండు ధరలూ కలిసిపోతాయి. ఫ్యూచర్స్ ధర దారి తప్పిపోకుండా పట్టి ఉంచేది ఆ గడువే.

పర్పెచువల్ ఫ్యూచర్స్‌కు గడువు లేదు. కొన్నవాళ్లు మార్జిన్ ఉన్నంతకాలం, ఏళ్ల తరబడైనా, పట్టుకుని కూర్చోవచ్చు. ఇలాంటి కాంట్రాక్టు ఆలోచన క్రిప్టో కంటే ముందే పుట్టింది. అమెరికన్ ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ 1993లో ప్రచురించిన పరిశోధన వ్యాసంలో దీన్ని ప్రతిపాదించారు. ఇళ్ల లాంటి, రోజూ చేతులు మారని ఆస్తుల ధరల మీద కూడా జనం రిస్కు తగ్గించుకునే వీలుండాలన్నది ఆయన ఉద్దేశం. దాన్ని క్రిప్టోలోకి తెచ్చి జనబాహుళ్యం చేసింది బిట్‌మెక్స్ ఎక్స్ఛేంజీ. 2016 మే నెలలో అది బిట్‌కాయిన్ మీద వందరెట్ల లివరేజ్‌తో పర్పెచువల్‌ను మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన ఎక్స్ఛేంజీలన్నీ ఇంచుమించు అదే నమూనాను అనుసరించాయి. ఇవాళ క్రిప్టోలో నేరుగా నాణేలు కొని అమ్మే స్పాట్ వ్యాపారం కంటే పర్పెచువల్స్ వ్యాపారమే పెద్దది.

గడువు లేనప్పుడు ఈ ధరను అసలు ధరకు కట్టి ఉంచేదేమిటి? ఆ పని చేసేదే ఫండింగ్. పర్పెచువల్ ధర స్పాట్ ధర కంటే పైకి పోయిందంటే, కొనాలన్న ఆత్రం ఎక్కువగా ఉందని అర్థం. అప్పుడు లాంగులు షార్టులకు చెల్లించాలి. లాంగ్‌గా ఉండటం ఖరీదవుతుంది, షార్ట్‌గా ఉండటం లాభసాటి అవుతుంది. కొందరు లాంగులు వదిలేస్తారు, కొందరు కొత్తగా షార్ట్ చేస్తారు, ధర కిందికి దిగి స్పాట్‌కు దగ్గరవుతుంది. పర్పెచువల్ ధర స్పాట్ కంటే కిందికి పోతే ఇదే కథ తలకిందులుగా నడుస్తుంది. లెక్క వేసే క్షణానికి కాస్త ముందు పొజిషన్ మూసేసినవాళ్లు పైసా ఇవ్వనక్కర్లేదు, వాళ్లకు పైసా రాదు కూడా. ఆ క్షణంలో ఎవరు లోపల ఉన్నారన్నదే ముఖ్యం.

సున్నా కాదు, 0.01 శాతమే మధ్యగీత

ఫండింగ్ రేటులో రెండు భాగాలున్నాయి. మొదటిది స్థిరమైన వడ్డీ. బిట్‌మెక్స్, బైనాన్స్ నమూనాలో ఇది రోజుకు 0.03 శాతం, అంటే ఎనిమిది గంటలకు 0.01 శాతం. రెండోది పర్పెచువల్ ధరకు, స్పాట్ ధరకు మధ్య ఉన్న తేడా. దీన్ని ప్రీమియం అంటారు. ఒక్క క్షణంలో కనిపించిన తేడా కాకుండా, ఆ ఎనిమిది గంటల సగటు తీస్తారు.

ఈ రెంటినీ ఊరికే కూడేయరు. ప్రీమియం మైనస్ 0.04 శాతం నుంచి ప్లస్ 0.06 శాతం మధ్య ఎక్కడున్నా, ఫండింగ్ కదలకుండా 0.01 శాతం దగ్గరే నిలిచేలా సూత్రం రాశారు. ఆ పరిధి దాటితేనే అంకె కదులుతుంది. ఉదాహరణకు ప్రీమియం 0.15 శాతానికి చేరితే ఫండింగ్ 0.10 శాతం అవుతుంది. ప్రీమియం మైనస్ 0.10కి పడితే ఫండింగ్ మైనస్ 0.05 అవుతుంది.

దీన్నిబట్టి ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, ఇలాంటి ఎక్స్ఛేంజీలో ఫండింగ్ 0.01 శాతం ఉంటే అది మార్కెట్ మామూలుగా ఉందన్న సంకేతం. దాన్ని చూసి 'పాజిటివ్ ఫండింగ్, జనం లాంగ్‌లో ఉన్నారు' అనడం పొరపాటు. అలాగే సున్నాకు దిగిందంటే అది సమతూకం కాదు. పర్పెచువల్ అప్పటికే స్పాట్ కంటే చవగ్గా దొరుకుతోందని, షార్టుల ఒత్తిడి కనిపిస్తోందని అర్థం.

ఇంత చిన్న దశాంశాలు చూస్తే ఎవరికీ బరువు తెలియదు. మన ఊళ్ల వడ్డీ లెక్కలోకి మార్చి చూస్తే తెలుస్తుంది. రోజుకు మూడుసార్లు, నెలకు తొంభైసార్లు. ఎనిమిది గంటలకు 0.01 శాతమంటే నెలకు నూటికి తొంభై పైసల వడ్డీ. ఎవరికైనా భరించదగ్గదే. 0.05 శాతమైతే నూటికి నాలుగున్నర రూపాయలు. 0.10 శాతమైతే నూటికి తొమ్మిది రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి నూటికి నూట తొమ్మిది. పంట పెట్టుబడికి దిక్కుతోచని రైతు అయిదు రూపాయల వడ్డీకి ఒప్పుకున్నాడంటే అతని అవసరం ఎంత తీవ్రంగా ఉందో ఊరంతటికీ తెలిసిపోతుంది. ఫండింగ్ కూడా అంతే. తొమ్మిది రూపాయల వడ్డీ కట్టి మరీ లాంగ్‌లో ఉన్నవాళ్ల ఆత్రం ఆ అంకెలోనే బయటపడుతుంది.

ఇరుపక్కలా సమానమే, మరి గుంపెక్కడ?

ఇక్కడ ఒక సందేహం రావాలి. ప్రతి కాంట్రాక్టుకూ కొన్నవాళ్లు ఒకరు, అమ్మినవాళ్లు ఒకరు ఉంటారు. లాంగుల మొత్తం విలువ, షార్టుల మొత్తం విలువ ఎప్పుడూ సరిసమానం. అలాంటప్పుడు 'లాంగుల గుంపు ఎక్కువైంది' అనే మాటకు అర్థమేమిటి?

తేడా విలువలో లేదు, ఆ పక్కన నిలబడ్డవాళ్ల స్వభావంలో ఉంది. ధరలు జోరుగా పెరుగుతున్న రోజుల్లో లాంగ్ పక్కన ఎక్కువగా ఉండేది చేతిలో కొద్దిపాటి డబ్బుతో పది, ఇరవై రెట్ల పొజిషన్లు తీసుకున్నవాళ్లు. వాళ్లకు ఎదురుగా షార్ట్ చేసేది ఎవరు? ధర పడుతుందని నమ్మేవాళ్లు కొందరుంటారు. పెద్ద భాగం మాత్రం ధర ఎటు పోయినా పట్టని సంస్థలు. వాళ్లు స్పాట్ మార్కెట్లో 60,000 డాలర్లు పెట్టి ఒక బిట్‌కాయిన్ కొంటారు, అదే సమయంలో ఒక బిట్‌కాయిన్‌కు సరిపడా పర్పెచువల్ షార్ట్ చేస్తారు. ధర పెరిగితే స్పాట్‌లో లాభం, షార్ట్‌లో అంతే నష్టం. తగ్గితే అటుది ఇటు అవుతుంది. చేతికి మిగిలేది ఫండింగ్ ఒక్కటే. రేటు 0.10 శాతం ఉంటే ఎనిమిది గంటలకు 60 డాలర్లు, రోజుకు 180 డాలర్లు. మార్కెట్ భాషలో దీన్ని క్యాష్ అండ్ క్యారీ అంటారు.

గుంపు అనే మాటకు అర్థం ఇక్కడ దొరుకుతుంది. ఒక పక్క అప్పు మీద నిలబడ్డవాళ్లు, చిన్న కుదుపుకే కాళ్లు తేలిపోయేవాళ్లు. రెండో పక్క ఏ కుదుపూ అంటనివాళ్లు, తొందర లేనివాళ్లు. మార్కెట్ పడితే మొదటి పక్కన బలవంతపు అమ్మకాలు మొదలవుతాయి, రెండో పక్క నుంచి అలాంటి ఒత్తిడేమీ రాదు. ఫండింగ్ పాజిటివ్‌గా బాగా ఎక్కడమంటే బలహీనమైన చేతులన్నీ లాంగ్ పక్కన చేరాయని. నెగెటివ్‌గా బాగా దిగడమంటే, సాధారణంగా, అవి షార్ట్ పక్కన చేరాయని.

మార్జిన్ ఎలా కరిగిపోతుంది

ఫండింగ్ లెక్కించేది చేతి నుంచి పెట్టిన డబ్బు మీద కాదు, మొత్తం పొజిషన్ మీద. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఈ ఒక్క విషయం పట్టించుకోకే మునుగుతారు.

ఒక వ్యక్తి 1,000 డాలర్ల మార్జిన్ పెట్టి, ఇరవై రెట్ల లివరేజ్‌తో, బిట్‌కాయిన్ 60,000 దగ్గర ఉన్నప్పుడు 20,000 డాలర్ల లాంగ్ తీసుకున్నాడనుకుందాం. ధర అయిదు శాతం పడితే, అంటే 57,000కు వస్తే, పెట్టిన వెయ్యీ పోతుంది. నిజానికి ఎక్స్ఛేంజీ అక్కడిదాకా ఆగదు, కాస్త ముందే పొజిషన్‌ను తనంతట తాను అమ్మేస్తుంది. దాన్నే లిక్విడేషన్ అంటారు. ఇప్పుడు ఫండింగ్ 0.10 శాతం దగ్గర అయిదు రోజులు నిలిచిందనుకోండి. 20,000 మీద ఒక్కోసారి 20 డాలర్లు, రోజుకు 60, అయిదు రోజులకు 300. ఈ అయిదు రోజుల్లో ధర అంగుళం కదలకపోయినా అతని మార్జిన్ వెయ్యి నుంచి ఏడు వందలకు తగ్గిపోయింది. 57,000 దగ్గర ఉన్న ప్రమాదరేఖ 57,900కు ఎగబాకింది. ముందు అయిదు శాతం పడితే గాని పోని పొజిషన్, ఇప్పుడు మూడున్నర శాతం పడితే పోతుంది.

అందుకే గుంపుగా చేరినవాళ్లకు ధర నిలకడగా ఉండటం కూడా నష్టమే. పెరుగుతూ ఉంటేనే వాళ్లు వడ్డీ భరించగలరు. ఫండింగ్ ఎక్కువగా ఉండి, ధర మాత్రం రోజుల తరబడి అక్కడక్కడే తిరుగుతుంటే, లక్షల ఖాతాల ప్రమాదరేఖలు ఒక్కో ఎనిమిది గంటలకూ కొంచెం కొంచెం పైకి జరుగుతూ ప్రస్తుత ధరకు దగ్గరవుతున్నాయని అర్థం చేసుకోవాలి.

2021 ఏప్రిల్: లాంగుల గుంపు చెదిరిన ఆదివారం

ఇదంతా పాఠ్యపుస్తకంలోలా జరిగి చూపించింది 2021 వసంతం. ఆ ఏడాది మొదట్లో బిట్‌కాయిన్ 30,000 డాలర్లకు కాస్త దిగువన ఉంది. ఫిబ్రవరి 8న టెస్లా కంపెనీ 150 కోట్ల డాలర్ల బిట్‌కాయిన్ కొన్నామని ప్రకటించింది. ఆ నెల మూడో వారానికి ధర 58,000 డాలర్లను తాకింది. ఏప్రిల్ 14న కాయిన్‌బేస్ ఎక్స్ఛేంజీ షేర్లు అమెరికాలో నాస్‌డాక్‌లో లిస్టయిన రోజున బిట్‌కాయిన్ దాదాపు 64,800 డాలర్ల దగ్గర అప్పటి రికార్డు నెలకొల్పింది.

ఆ రోజుల్లో పెద్ద ఎక్స్ఛేంజీల్లో ఫండింగ్ పలుమార్లు 0.10 శాతాన్ని అందుకుంది, కొన్నిచోట్ల దాటింది. మూసేయకుండా నిలిచి ఉన్న కాంట్రాక్టుల మొత్తం విలువను ఓపెన్ ఇంట్రెస్ట్ అంటారు. బిట్‌కాయిన్ ఫ్యూచర్స్‌లో అది 2,000 కోట్ల డాలర్లు దాటి రికార్డు స్థాయిలో ఉంది. అంటే పందెంలో ఉన్న సొమ్ము ఎన్నడూ లేనంత పెద్దది, ఆ పందేనికి కడుతున్న వడ్డీ నూటికి తొమ్మిది రూపాయలు. కాయిన్‌బేస్ లిస్టింగ్ అయిపోయాక ధరను ఇంకా పైకి తీసుకెళ్లే కొత్త వార్త ఏదీ రాలేదు. వడ్డీ మీటరు మాత్రం ఆగలేదు.

ఏప్రిల్ 18, ఆదివారం. వారాంతం కావడంతో మార్కెట్లో కొనేవాళ్లు పలచగా ఉన్నారు. బిట్‌కాయిన్ 60,000 డాలర్ల చుట్టుపక్కల నుంచి కొన్ని గంటల్లోనే 52,000 దరిదాపులకు పడిపోయింది. కారణాలుగా చైనాలోని షింజియాంగ్‌లో కరెంటు కోతలతో బిట్‌కాయిన్ మైనింగ్ తగ్గిందన్న వార్త, అమెరికా ఆర్థిక శాఖ గురించి పుట్టిన ఓ నిర్ధారణలేని పుకారు చెప్పుకున్నారు. మామూలు రోజుల్లో అలాంటి వార్తకు ధర రెండు మూడు శాతం తగ్గి సర్దుకునేది. ఆ రోజు అలా కాలేదు. మొదటి రెండు మూడు శాతం పతనానికే బాగా ఎక్కువ లివరేజ్ తీసుకున్నవాళ్ల పొజిషన్లను ఎక్స్ఛేంజీలు అమ్మేశాయి. ఆ అమ్మకాలతో ధర ఇంకాస్త పడింది. దాంతో తర్వాతి వరుసలో ఉన్నవాళ్ల ప్రమాదరేఖ వచ్చింది, వాళ్లవీ అమ్ముడయ్యాయి. ఒకరి లిక్విడేషన్ మరొకరి లిక్విడేషన్‌కు కారణమైంది. ఇరవై నాలుగు గంటల్లో క్రిప్టో మార్కెట్ మొత్తంలో దాదాపు వెయ్యి కోట్ల డాలర్ల పొజిషన్లు ఇలా బలవంతంగా మూతపడ్డాయని అప్పటి లెక్కలు చెప్పాయి. వాటిలో ఎక్కువ భాగం లాంగులే. ఆ వెంటనే ఫండింగ్ కుప్పకూలి సున్నా చుట్టుపక్కలకు వచ్చింది. కట్టేవాళ్లే మిగలనప్పుడు వడ్డీ ఉండదు కదా.

అయితే ఈ కథను సగం నుంచి మొదలుపెడితే తప్పుడు పాఠం నేర్చుకుంటాం. ఫండింగ్ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఎక్కలేదు. జనవరి, ఫిబ్రవరుల్లోనూ చాలా రోజులు ఎక్కువగానే ఉంది. ఫిబ్రవరి మొదట్లో దాన్ని చూసి 'గుంపు లాంగ్‌లో ఉంది, ఇక పడుతుంది' అని షార్ట్ చేసినవాళ్లు, 35,000 నుంచి 58,000 దాకా సాగిన పెరుగుదలకు ఎదురెళ్లారు. మధ్యలో వాళ్లకు వచ్చిన ఫండింగ్ ఆ నష్టంలో ఏ మూలకూ చాలదు. గుంపు చేరిందని ఫండింగ్ చెప్పింది నిజమే. ఆ గుంపు ఎప్పుడు చెదురుతుందో అది చెప్పలేదు, చెప్పలేదు కూడా ఎప్పటికీ. నిప్పురవ్వ ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. వచ్చిన నాడు పతనం ఎంత లోతుకు పోతుందన్నది మాత్రం అంతకు ముందు పేరుకున్న గుంపును బట్టి ఉంటుంది.

అదే ఏడాది జులై: ఈసారి షార్టుల వంతు

మే నెలలో పరిస్థితి తారుమారైంది. బిట్‌కాయిన్‌తో కార్లు అమ్మడం ఆపేస్తున్నామని టెస్లా చెప్పింది, చైనా ఆంక్షలు బిగించింది. మే 19న ధర ఒక్క రోజులో 43,000 స్థాయి నుంచి 30,000 వరకు పడింది. ఆ తర్వాత రెండు నెలలు 30,000కు, 40,000కు మధ్య ఊగిసలాడింది. ఆ కాలంలో ఫండింగ్ మామూలు స్థాయి కంటే దిగువన, తరచు సున్నా కింద ఉంటూ వచ్చింది. ఇంకా పడుతుందన్న నమ్మకం అంతగా పాతుకుపోయింది. షార్ట్‌లో ఉండటానికి జనం ఎదురు డబ్బు కట్టడానికి కూడా సిద్ధపడ్డారు.

జులై 20న ధర 30,000 కిందికి దిగింది. పడుతుందన్నవాళ్లు ఎదురుచూసిన గుమ్మం అదే. కానీ అక్కడి నుంచి పతనం ముందుకు సాగలేదు. రోజులు గడుస్తున్నా షార్టులకు లాభం చేతికి రాలేదు. ఆ వారాంతంలో, అమెజాన్ డిజిటల్ కరెన్సీ నిపుణుణ్ని ఉద్యోగంలోకి తీసుకుంటోందన్న ప్రకటన బయటపడింది. ఏడాది చివరికల్లా అమెజాన్ బిట్‌కాయిన్ తీసుకోబోతోందని లండన్ పత్రిక ఒకటి రాసింది. జులై 26, సోమవారం ధర 35,000 నుంచి 40,000 అంచుకు దూసుకెళ్లింది. షార్ట్ చేసినవాళ్ల పొజిషన్ మూయాలంటే ఎక్స్ఛేంజీ కొనాలి. ఆ కొనుగోళ్లు ధరను ఇంకా పెంచాయి, మరికొందరు షార్టుల ప్రమాదరేఖ వచ్చింది. దీన్నే షార్ట్ స్క్వీజ్ అంటారు. వంద కోట్ల డాలర్లకు దగ్గరగా షార్టులు ఆ ఊపులో తుడిచిపెట్టుకుపోయాయి.

తర్వాత జరిగింది ఇంకా చెప్పుకోదగ్గది. అదే రోజు అమెజాన్ ఆ వార్తను ఖండించింది. ధర కాస్త తగ్గింది గాని మొదటి స్థానానికి తిరిగి రాలేదు. నెలాఖరుకు 40,000 పైనే ఉంది. వార్త అబద్ధమని తేలినా పెరుగుదల నిలవడం, ఆ పెరుగుదలకు అసలు బలం వార్తలో లేదని చూపిస్తుంది. రెండు నెలలుగా ఒకే పక్కన చేరిన షార్టుల్లో పెద్ద భాగం అప్పటికే ఖాళీ అయింది.

అంకె నిజం చెప్పినా అర్థం తప్పిన సందర్భం

ఇంతవరకు చదివాక ఫండింగ్ బాగా నెగెటివ్‌గా కనిపిస్తే చాలు, స్క్వీజ్ రాబోతోందని లాంగ్ తీసుకోవచ్చు అనిపించవచ్చు. 2022 సెప్టెంబరులో ఇథీరియం విషయంలో అలా అనుకున్నవాళ్లకు దెబ్బ తగిలింది.

ఆ నెల 15న ఇథీరియం నెట్‌వర్క్ మైనింగ్ పద్ధతిని వదిలి కొత్త పద్ధతికి మారింది. దాన్ని మెర్జ్ అన్నారు. మైనింగ్‌నే కొనసాగించాలనుకున్న వర్గం పాత గొలుసు నుంచి వేరుపడి, తమ సొంత నాణేన్ని తెస్తామని ముందే ప్రకటించింది. మార్పు జరిగే క్షణంలో ఎవరి దగ్గర ఎంత ఇథర్ ఉంటే వాళ్లకు అంత కొత్త నాణెం ఉచితంగా వస్తుంది. అందుకని చాలామంది స్పాట్‌లో ఇథర్ కొన్నారు. ధర పడితే నష్టపోకుండా అంతే మొత్తం పర్పెచువల్స్‌లో షార్ట్ చేశారు. వాళ్లకు ఇథర్ ధర మీద ఏ అభిప్రాయమూ లేదు, కావలసింది ఉచిత నాణెం. అందరూ ఒకేసారి షార్ట్ చేయడంతో ఫండింగ్ మునుపెన్నడూ లేనంత నెగెటివ్‌లోకి పడిపోయింది.

బయటి నుంచి చూస్తే అది షార్టుల గుంపే. కానీ ఆ షార్టుల వెనుక అంతే విలువైన స్పాట్ ఇథర్ ఉంది. ధర పెరిగినా వాళ్లు చెదిరేవాళ్లు కారు. భారత కాలమానం ప్రకారం మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో మెర్జ్ పూర్తయింది. పని అయిపోయిన వెంటనే వాళ్లు షార్టులు మూసేసి, స్పాట్ ఇథర్ కూడా అమ్మేసుకున్నారు. ఫండింగ్ చకచకా మామూలు స్థాయికి వచ్చింది. స్క్వీజ్ రాలేదు సరికదా, ధర 1,600 డాలర్ల ప్రాంతం నుంచి అదే రోజు 1,500 కిందికి, కొద్ది రోజుల్లో ఇంకా కిందికి దిగింది. కడుతున్నది ఎవరో ఫండింగ్ సరిగ్గానే చెప్పింది. ఎందుకు కడుతున్నారన్నది ఆ అంకెలో ఉండదు. దాన్ని బయట వెతుక్కోవాలి.

చదివే పద్ధతి

కాబట్టి ఈ అంకెను ఒంటరిగా చూడకూడదు. మొదట దాన్ని నెలవారీ వడ్డీలోకి మార్చుకోవాలి. అలా మార్చేటప్పుడు గంటల లెక్క చూసుకోవాలి. చాలా చిన్న నాణేలకు ఫండింగ్ నాలుగు గంటలకోసారి, కొన్ని చోట్ల గంటకోసారి వసూలవుతుంది. ఎనిమిది గంటలకు 0.05 శాతం వేరు, గంటకు 0.05 శాతం వేరు. రెండోది ఎనిమిది రెట్ల భారం. ఆ తర్వాత ఒక్క పూట అంకె కాకుండా వారం పది రోజుల సగటు చూడాలి. ఒక పూట ఎగిరిపడిన రేటు ఎవరో ఒక పెద్ద ఆర్డరు వల్ల కావచ్చు. వారం పాటు నిలిచిన రేటు గుంపు వల్లే అవుతుంది.

పక్కన ఓపెన్ ఇంట్రెస్ట్ పెట్టుకుని చూస్తే అసలు బొమ్మ కనబడుతుంది. ఫండింగ్ ఎక్కుతూ, ఓపెన్ ఇంట్రెస్ట్ కూడా పెరుగుతుంటే కొత్తవాళ్లు అప్పు చేసి లోపలికి వస్తున్నారు. ఫండింగ్ ఎక్కువగానే ఉన్నా ఓపెన్ ఇంట్రెస్ట్ తగ్గుతుంటే గుంపు విడిపోతోంది. రెండూ ఎత్తున ఉండి ధర మాత్రం ముందుకు పోవడం మానేస్తే, అన్నిటికంటే జాగ్రత్తపడాల్సిన ఘట్టం అదే. 2021 ఏప్రిల్ మధ్యలో జరిగింది అదే. నెగెటివ్ పక్కన కూడా ఇదే వరుస పనికొస్తుంది. షార్టులు కడుతూనే ఉన్నారు, ధర మాత్రం ఇక పడటం లేదు అంటే ఆ ఏడాది జులై లాంటి పరిస్థితి కావచ్చు. మెర్జ్ లాంటి ప్రత్యేక కారణం ఏదైనా ఉందేమో ముందు తేల్చుకోవాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. 2021 నాటి 0.10 శాతాన్ని ఇవాళ కొలబద్దగా పెట్టుకుంటే మోసపోతాం. ఫండింగ్ వసూలు చేసుకోవడమే పనిగా పెట్టుకున్న పెట్టుబడి అప్పటికంటే ఇప్పుడు చాలా పెరిగింది. 2024లో మార్కెట్లోకి వచ్చిన ఎథీనా లాంటి ప్రాజెక్టులు, నాణేలు పట్టుకుని పర్పెచువల్స్ షార్ట్ చేస్తూ, వచ్చే ఫండింగ్ నుంచే తమ డాలర్ నాణెం మీద ఆదాయం పంచుతున్నాయి. రేటు కాస్త ఎక్కగానే ఇలాంటి సొమ్ము వచ్చి షార్ట్ చేసేస్తుంది, రేటు అణిగిపోతుంది. గుంపు అంతే ఉన్నా అంకె చిన్నగా కనిపిస్తుంది. 2025 అక్టోబరు 10న, చైనా మీద మరో నూరు శాతం సుంకం వేస్తానన్న ట్రంప్ ప్రకటన తర్వాత, 1,900 కోట్ల డాలర్లకు పైగా పొజిషన్లు ఒక్క రోజులో లిక్విడేట్ అయ్యాయి. క్రిప్టో చరిత్రలో అదే అతిపెద్దది. అంతకు ముందు రోజుల్లో బిట్‌కాయిన్ ఫండింగ్ 2021 ఏప్రిల్ స్థాయి దరిదాపుల్లో కూడా లేదు. రేటు ప్రశాంతంగా ఉందంటే ప్రమాదం లేదని కాదు. కాబట్టి ఇవాళ్టి అంకెను గత కొన్ని నెలల అంకెలతో పోల్చాలి గాని, పాత రికార్డులతో కాదు.

పర్పెచువల్స్ జోలికి పోకుండా, సొంత డబ్బుతో కాసిని నాణేలు కొని పెట్టుకున్నవాళ్లకు కూడా ఈ అంకె పనికొస్తుంది. లాంగులు నూటికి నాలుగైదు రూపాయల నెలవడ్డీ కడుతున్న రోజుల్లో కొంటున్నారంటే, రేపు బలవంతంగా అమ్మాల్సి వచ్చే జనం పక్కనే నిలబడి కొంటున్నారన్నమాట. కొనాలనే ఉంటే తొందరపడనక్కర్లేదు. ఆ గుంపు చెదిరినప్పుడు, ఫండింగ్ సున్నాకు వచ్చినప్పుడు, అదే నాణెం అమ్ముకోక తప్పనివాళ్ల చేతుల నుంచి దొరకొచ్చు. దొరక్కపోవచ్చు కూడా. ఆ పతనం కోసం షార్ట్ చేసి కూర్చోవడం మాత్రం మరో పందెం, 2021 ఫిబ్రవరిలో అలా కూర్చున్నవాళ్లు దాని ఖరీదు కట్టారు. అప్పు చేసి పందెం కాసేవాళ్లకైతే ఈ అంకె చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది: ఏ పక్కనైనా వడ్డీ అంతగా పెరిగిందంటే, ఆ పక్కన చేరడానికి అది అత్యంత ఖరీదైన, అత్యంత ప్రమాదకరమైన సమయం.